"మంచి కండిషన్" అంటే ఏమిటి స్వామీ?

పాత ఫ్రిజ్ అమ్మకం ప్రకటనలు ఏవి చూసినా ఒకటే పాట: "మంచి కండిషన్, సూపర్ కూలింగ్, అర్జెంట్." కింద తలుపు మూసిన ఫొటో ఒక్కటి. దేవరకొండ నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని నల్లగొండ దాకా రావాల్సిన మనిషికి ఇందులో ఏం తెలిసినట్టు?

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది "కొత్తగా గ్యాస్ నింపించాం" అని గొప్పగా రాసుకోవడం. ఇంటి ఫ్రిజ్‌లో గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. స్కూటర్‌లో పెట్రోల్ మాదిరి వాడేకొద్దీ అయిపోదు. కంప్రెసర్ మార్చినప్పుడు తప్ప, మళ్లీ నింపారంటే ఎక్కడో లీకయిందనే అర్థం. ఆ లీకు ఎక్కడ, దాన్ని మూయించారా, ఎప్పుడు, బిల్లుందా? ఈ నాలుగు ముక్కలూ రాస్తే అనుమానం తీరుతుంది. రాయకపోతే తెలిసినవాడు ఫోనే చేయడు.

ఈమధ్య మా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌కు ప్రకటన నేనే రాసి పెట్టాను. రాసే ముందు తలుపు సందులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూశాం. మూడు వైపులా పట్టి ఉంచింది, కింది మూల దగ్గర మాత్రం సులువుగా జారి వచ్చేసింది. అక్కడ రబ్బరు వదులైందన్నమాట. ఆ సందులోంచి వేడిగాలి, తేమ లోపలికి పోయి ఫ్రీజర్‌లో మంచు త్వరగా పేరుకుంటుంది, కంప్రెసర్ ఎక్కువసేపు ఆడుతుంది. దాచమన్నారు ఇంటాయన. నేను ఒప్పుకోలేదు. చివరికి ఇలా పెట్టాం:

"190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్, 2018లో కొన్నది. కంప్రెసర్ మార్చలేదు, గ్యాస్ ఎప్పుడూ నింపించలేదు. తలుపు రబ్బరు కింది మూలలో వదులైంది, మార్పించుకోవాలి. కూరగాయల డబ్బాకు పగులు ఉంది. కొత్త ఇంటికి పెద్దది కొన్నాం, అందుకే అమ్ముతున్నాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ధర 5,500, రబ్బరు ఖర్చు తగ్గించే చెప్పాం."

ఫొటోలు నాలుగు: లోపల బల్బు వెలుగుతుండగా తలుపు తీసి ఒకటి, గడ్డకట్టిన ఐస్ ట్రే, స్టార్ లేబుల్, వదులైన మూల దగ్గరగా. లేబుల్ మీద సంవత్సరం కనిపించాలి. ప్రమాణాలు మధ్యమధ్యలో కఠినం చేస్తుంటారు కాబట్టి అప్పటి మూడు నక్షత్రాలూ ఇప్పటి మూడు నక్షత్రాలూ ఒకటి కావు. వట్టి "త్రీ స్టార్" అని రాసి ఊరుకోవడం సగం అబద్ధమే.

"లాస్ట్ ఎంత?" అనే ఫోన్లు ఆగలేదు, అవి ఎవరికీ ఆగవు లెండి. కానీ మెట్లెక్కి వచ్చినవాళ్లు రబ్బరు సంగతి ఎత్తి బేరం చేయలేకపోయారు, ముందే రాశాం కదా.

ఇంకొకటి. చూడటానికి వస్తున్నామంటే ముందు రాత్రే ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచండి. కడిగి, ఆరబెట్టి, ప్లగ్ పీకి నిలబెట్టిన ఫ్రిజ్‌ను చూసి ఎవరైనా డబ్బెందుకు ఇస్తారు? ఆటోలో నిలబెట్టే తీసుకెళ్లమనీ, ఇంటికి చేరాక కొన్ని గంటలు ఆగి ప్లగ్ పెట్టమనీ ప్రకటనలోనే రాసేయండి. పడుకోబెట్టి తీసుకెళ్లి, వెంటనే ఆన్ చేసి, కంప్రెసర్ పోతే తిట్లు మీకే.