ఆ 180 డాలర్ల సీసా పక్కన పెట్టి ముందు చక్కెర సంగతి చూడండి

మేముండేది ఒహాయోలోని కొలంబస్‌లో. కెంటకీ పక్క రాష్ట్రమే కాబట్టి మా బ్యాచ్‌లో ప్రతివాడూ ఏడాదికోసారి లూయీవిల్ వెళ్లి రావడం, వచ్చాక అక్కడ చేసే బోర్బన్ విస్కీ మీద పీహెచ్‌డీ చేసినట్టు మాట్లాడటం మామూలే. మొన్న శనివారం ఒకడు 180 డాలర్ల సీసా పట్టుకొచ్చి, "మామా, దీంతో ఓల్డ్ ఫ్యాషన్డ్ కాక్‌టెయిల్ కలిపితే ఎట్లుంటదో చూడు ఇవాళ" అన్నాడు. వద్దురా, అది ఉత్తగా తాగాల్సిన సరుకు అన్నాను. వినలేదు. వాడే కలిపాడు.

ఎలా కలిపాడంటే, గ్లాసులో ఒక షుగర్ క్యూబ్ పడేసి, దాని మీద నేరుగా విస్కీ పోసి, స్పూన్‌తో నాలుగు తిప్పులు తిప్పి, బిటర్స్ అనే చేదు మూలికల సారం భయంభయంగా ఒక్క చుక్క వేసి, ఫ్రిజ్ డోర్‌లోంచి గలగలా పడే ఐస్ గుప్పెడు పోశాడు. మొదటి గుటక గొంతు మండింది. పది నిమిషాలయ్యాక తాగితే నీళ్లు. చివరికొచ్చేసరికి అడుగున కరగని చక్కెర, పళ్లకింద ఇసుకలా. ఒకే గ్లాసులో మూడు వేర్వేరు డ్రింకులు, మూడూ బాగోలేదు. దానికి వాడిచ్చిన తీర్పేంటో తెలుసా? "విస్కీ ఇంకొంచెం ఏజ్ అయింది తీసుకోవాల్సింది."

ఈ పోస్టు ఆ మాట విన్న మంటతోనే రాస్తున్నాను.

అసలు ఓల్డ్ ఫ్యాషన్డ్ అనేది విస్కీ డ్రింకే కాదు, అది ఒక పద్ధతి. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో ఒక పత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏంటని పాఠకుడు అడిగితే ఇచ్చిన జవాబు ఇది: ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్. గమనించారా, మూడింటికి పేరుంది, మద్యానికి మాత్రం "ఏదైనా సరే" అని వదిలేశారు. తర్వాత బార్‌వాళ్లు అందులో రకరకాల తియ్యటి లిక్యూర్లు కలపడం మొదలుపెడితే, విసిగిన పాతకాలపు కస్టమర్లు "మాకు పాత పద్ధతిలోనే ఇవ్వండి" అని అడగబట్టి ఆ పేరొచ్చింది. 1880 నాటికే షికాగో పేపర్లో ఆ మాట కనబడుతుంది. ఇక విస్కాన్సిన్ వెళ్లండి, అక్కడ ఓల్డ్ ఫ్యాషన్డ్ అడిగితే బ్రాందీతో ఇస్తారు, పైన సోడా కూడా పోస్తారు. 2007లో న్యూయార్క్‌లో ఫిల్ వార్డ్ అనే బార్‌టెండర్ టకీలా, మెజ్కాల్ అనే మెక్సికో మద్యాలు పెట్టి, చక్కెర బదులు అగావే సిరప్ వేసి చేశాడు, అదీ నిలబడింది. మద్యం మార్చినా డ్రింకు నిలబడుతోంది. చక్కెరో బిటర్సో తీసేసి చూడండి, నిలబడదు.

చక్కెర దగ్గర మనవాళ్లు చేసే తప్పు ఒక్కటే. ఆల్కహాల్లో చక్కెర సరిగ్గా కరగదు. విస్కీలో సగం నీళ్లే కదా అంటే నిజమే, కానీ సగమే. ఐస్ పడి చల్లబడిందంటే ఇక మొండికేస్తుంది. 1895లో న్యూయార్క్ బార్‌టెండర్ జార్జ్ కాప్లర్ రాసిన పద్ధతిలో మొదటి మాటే చిన్న చక్కెర ముక్కని కొంచెం నీళ్లలో కరిగించమని, విస్కీ అన్నిటికన్నా చివర్లో వస్తుంది. ఆ వరస ఊరికే పెట్టలేదు ఆయన. ఇంట్లో చేసుకునేవాళ్లకి నేను చెప్పేది, క్యూబ్ జోలికే వెళ్లకండి, సిరప్ చేసి పెట్టుకోండి. 200 గ్రాముల బ్రౌన్ షుగర్, 100 గ్రాముల నీళ్లు, కరిగేదాకా వేడి చేయడం, అంతే, పాకం పట్టక్కర్లేదు. దాంట్లో ఒక చెంచా, అంటే 5 ఎంఎల్‌లో, నాలుగు గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది, దాదాపు ఒక క్యూబ్ అంత. బెల్లంతో కూడా చేశాను. బాగుంటుంది గానీ బెల్లంలోని ఉప్పదనం కాస్త పైకి తేలుతుంది, వడకట్టకపోతే మురికిగా కనిపిస్తుంది.

చక్కెర పని తీపి చేయడం మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. అది డ్రింకుకి కాస్త చిక్కదనం ఇస్తుంది, నాలుక మీద ఆల్కహాల్ మంటని తగ్గిస్తుంది. "నాకు తీపి పడదు, చక్కెర లేకుండా చేయి" అనేవాడికి నేను గ్లాసులో విస్కీ పోసి ఇస్తాను, వాడడిగింది అదే కాబట్టి.

బిటర్స్ అనగానే మనవాళ్లకి భయం. యాంగోస్తురా బిటర్స్ సీసా చూడండి, లేబుల్ సీసా కంటే పెద్దదిగా చొక్కా కాలర్‌లా పైకి లేచి ఉంటుంది. అది 1824లో వెనిజులాలో సీగర్ట్ అనే జర్మన్ డాక్టర్ కడుపు నొప్పులకి చేసిన మందు, ఇప్పుడు ట్రినిడాడ్‌లో తయారవుతుంది. అందులో ముఖ్యమైన చేదు జెన్షియన్ అనే వేరుది. దాని పని ఏంటో మనకి చెప్పడం చాలా తేలిక. మా అమ్మ పులిహోరలో మెంతిపొడి చిటికెడు వేస్తుంది. తినేవాడికి మెంతులు తెలియవు. వేయని రోజు మాత్రం "ఏదో తగ్గిందమ్మా" అంటాడు. ఇదీ అంతే. తీపి నాలుక మీద అక్కడే కూర్చోకుండా దాన్ని కదిలించేది ఆ చేదే. ఒక్క చుక్క వేస్తే వేయనట్టే. డాష్ అంటే చుక్క కాదండీ, సీసాని ఒకసారి గట్టిగా తలకిందులుగా విదిలిస్తే పడేది, ఒక ఎంఎల్‌కి కాస్త తక్కువ. రెండు డాష్‌లు వేయండి. సీసా నిండుగా ఉన్నప్పుడు ఒకలా, సగమయ్యాక ఒకలా పడుతుంది, అది కూడా చూసుకోండి.

ఇక నీళ్లు. అందరూ తిట్టుకునేది దీన్నే. "నీళ్లు కలిపితే వేస్ట్ మామా" అనే బ్యాచ్ ఒకటి ఉంటుంది, వాళ్లకి ఐస్ మాత్రం కావాలి. చల్లదనం ఎక్కణ్నుంచి వస్తుందనుకుంటున్నారు? ఐస్ కరగబట్టే వస్తుంది. ఒక గ్రాము ఐస్ కరగడానికి 80 కేలరీల వేడి కావాలి, ఆ వేడిని అది మీ డ్రింకులోంచే లాక్కుంటుంది. 22 డిగ్రీల్లో ఉన్న 65 గ్రాముల డ్రింకు సున్నాకి రావాలంటే దాదాపు 17 గ్రాముల ఐస్ కరగాలి. ఇంకాస్త కిందకి, సున్నా దాటి పోవాలంటే ఇరవై. అంటే కరక్కుండా చల్లబడే మార్గం ఈ పద్ధతిలో లేదు. మరి గుప్పెడు చిన్న ఐస్‌తో ఏమైంది మావాడికి? ఆ ముక్కల మీద ముందే తడి ఉంటుంది, ఆ తడి నీళ్లు చల్లదనం ఇవ్వకుండానే కలిసిపోతాయి. పైగా చిన్న ముక్కలు గ్లాసులోనే ఉండిపోయి మీరు తాగుతున్నంతసేపూ కరుగుతూనే ఉంటాయి.

నేను చేసేది, వంటింటి తూకం మీద చూసి మరీ చెప్తున్నాను. వేరే గ్లాసులో 60 ఎంఎల్ బోర్బన్, చెంచా సిరప్, రెండు డాష్‌లు. బరువు 65 గ్రాములు అటూఇటూ. ఐస్ నిండుగా వేసి అర నిమిషం తిప్పి, వడకట్టి తూచితే 85. అంటే 20 గ్రాముల నీళ్లు చేరాయి. 50 శాతం ఆల్కహాల్ ఉన్న బోర్బన్ ఇప్పుడు దాదాపు 35 శాతం డ్రింకు అయింది. దాన్ని ఒక పెద్ద ఐస్ ముక్క మీద పోసి, నారింజ తొక్క నూనె పైన పడేలా పిండితే అయిపోయింది. తిప్పడం తక్కువైతే మొదటి గుటక ముక్కులో గుచ్చుతుంది, ఎక్కువైతే తీపీ చేదూ రెండూ పలచబడి టీ చల్లారినట్టుంటుంది. మధ్యమధ్య చెంచాతో రుచి చూడండి. మంట పోయి వాసనలు తెలియడం మొదలైన చోట ఆపేయండి.

సరే, ఆ శనివారం సంగతి. నాకు పట్టుదల వచ్చింది. మా ఆవిడని బతిమాలి, గ్లాసుల కింద నంబర్లు అంటించి, మా నలుగురికీ తెలియకుండా పోయమన్నాను. ముందు నా 25 డాలర్ల బోర్బన్‌తోనే మూడు రకాలు: ఒకటి పూర్తిది, ఒకదాంట్లో బిటర్స్ లేవు, ఒకదాంట్లో సిరప్ లేదు. తలా రెండు గుటకలు. నలుగురమూ మూడింటినీ తేలిగ్గా పట్టేశాం, ఒక్కరు తడబడలేదు. బిటర్స్ లేనిదాన్ని ఒకడు "దగ్గు మందు" అన్నాడు. తర్వాత 25 డాలర్లది, 180 డాలర్లది, రెండూ ఒకే కొలతతో, ఒకే సేపు తిప్పి. నాతో సహా ఇద్దరికి చవకదే నచ్చింది. ఒకడు తేడా లేదన్నాడు. సీసా తెచ్చినవాడు మాత్రం తనదాన్ని కరెక్టుగా గుర్తుపట్టాడు, అది ఒప్పుకోవాలి, "కొంచెం మెత్తగా ఉంది ఇది" అన్నాడు.

మెత్తగా ఎందుకుందంటే దాంట్లో ఆల్కహాల్ 45 శాతం. నాది బాటిల్డ్ ఇన్ బాండ్ రకం, అంటే చట్టప్రకారం కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండి, సరిగ్గా 50 శాతంతో సీసాకెక్కాలి. అదే 20 గ్రాముల నీళ్లు చేరాక వాడిది 31కి దగ్గరకొచ్చింది, నాది 35 దగ్గర ఆగింది. కాబట్టి విస్కీ అస్సలు లెక్కలోకి రాదని నేననను. లేబుల్ మీద ధర కంటే, వయసు కంటే ఆ శాతం చూడండి అంటాను. పొగ వాసన గట్టిగా కొట్టే స్కాచ్ పోస్తే అది బిటర్స్‌ని మింగేస్తుంది, అదీ నిజమే. కానీ పదిహేనేళ్లు పీపాలో ఊరి వచ్చిన ఆ సన్నటి వాసనల మీద చక్కెర, బిటర్స్, నారింజ నూనె కప్పేశాక ఇంకేం మిగిలిందని అంత డబ్బు?

హైదరాబాద్‌లో చేసుకునేవాళ్లకి ఇది ఇంకాస్త ముఖ్యం. అక్కడ దొరికే విస్కీ చాలావరకు 42.8 శాతమే, మొదట్నుంచే పలచన. పోయినసారి వెళ్లినప్పుడు ఒక బార్‌లో దాన్ని షేకర్‌లో వేసి డప్పు కొట్టినట్టు కొట్టి ఇచ్చారు, పైన నురగ, దాని మీద గంటసేపు పొగ షో. పొగ పోయాక కింద ఉన్నది తియ్యటి నీళ్లు. ఆ శాతంతో చేసేటప్పుడు అర నిమిషం కాదు, ఇరవై సెకన్లు తిప్పి రుచి చూసి ఆపండి, సిరప్ కూడా చెంచా నిండా కాకుండా ముప్పావు.

180 డాలర్ల సీసా ఇంకా మా ఇంట్లోనే ఉంది, సగానికి పైగా. నిన్న ఫోన్ చేసి "మామా, దాన్ని కాక్‌టెయిల్లో పోయకు, నేనొస్తున్నా" అన్నాడు. సిరప్ కొలత కూడా అడిగాడు.