నీరు పీల్చని బ్రేక్ ఆయిల్ మన కార్లకు ఎందుకు పనికిరాదు?

"డాట్ 5 సిలికాన్ బ్రేక్ ఆయిల్ నీరు పీల్చదు, పెయింట్ పాడుచేయదు, 260 డిగ్రీల దాకా మరగదు. పాతది తీసేసి ఇది పోస్తే ఏ కారుకైనా ఇక మార్చే పనే లేదు." ఈ ఆయిల్ గురించి చెప్పే మాట ఇది. ఇందులో ఏది ఎంత నిజమో చూద్దాం.

ముందు నీటి సంగతి. మామూలు గ్లైకాల్ ఆయిల్ తేమను పీల్చే మాట నిజమే, కానీ ఆ నీటిని తనలో అంతటా కలిపేసుకుంటుంది. ఆ రకానికే చెందిన డాట్ 4లో 3.7 శాతం నీరు చేరినా, అంటే అర లీటరుకు దాదాపు నాలుగు టీస్పూన్లు, 155 డిగ్రీల లోపు మరగకూడదన్నది ప్రమాణం. సిలికాన్ నీటిని కలుపుకోదు. అయినా రిజర్వాయర్ మూత దగ్గర, సీళ్ల దగ్గర తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది, మన విజయనగరం, శ్రీకాకుళం గాలిలో తేమకు కొదవా? గాజు సీసాలో సిలికాన్ ఆయిల్ పోసి, రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి. ముత్యాల్లా జారి అడుగున కూర్చుంటాయి. కారులో ఆ అడుగు, చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్. బ్రేకు వేడంతా పుట్టేదీ అక్కడే. ఆ నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. ఆవిరవ్వకపోతే పిస్టన్‌ను తుప్పు పట్టిస్తుంది.

ఇక "ఏ కారుకైనా" అన్న మాట. పోయిన వానాకాలం మా వీధిలో ఒకాయన ఏబీఎస్ ఉన్న చిన్న కారుకి ఎక్కడో ఈ ఆయిల్ పోయించుకున్నారు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతుంటే పెడల్ స్పాంజిలా మెత్తబడింది. రెండుసార్లు తొక్కితే గానీ బ్రేకు పట్టలేదట. సెకండ్ గేర్‌లో పెట్టి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎస్.కోట చేరారు. నేను కాలిపర్ మీద ఎయిర్ తీసే నిపుల్ వదులు చేస్తే ఊదారంగు ఆయిల్, సబ్బు నురగలాంటి సన్నని బుడగలతో వచ్చింది. సిలికాన్ గాలిని తనలో పట్టి ఉంచుకుంటుంది, గ్లైకాల్ కన్నా ఎక్కువగా నొక్కుకుపోతుంది, వేడెక్కితే మరీను. ఏబీఎస్ పంపు దాన్ని చిలికి నురగ చేస్తుంది.

"పాతది తీసేసి" అనడం తేలిక. ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వుల్లో మిగిలిన గ్లైకాల్ మామూలుగా ఎయిర్ తీస్తే బయటికి రాదు. ఆ రెండూ కలవవు. ఆయన కారుకి లైన్లన్నీ కడిగి, సీళ్లు మార్చి, డాట్ 4 పోసి, స్కానర్‌తో పంపు తిప్పి ఎయిర్ తీస్తే గానీ పెడల్ గట్టిపడలేదు. పొరపాటున రిజర్వాయర్లో పోసినా పెడల్ తొక్కకుండా ఉంటే నయం. సిలికాన్ పైన తేలుతుంది కాబట్టి సిరంజితో లాగేయవచ్చు.

పెయింట్ పాడుచేయదన్నది నిజం. ఏబీఎస్ లేని, సీళ్లన్నీ కొత్తగా వేసిన, ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులోనే ఉండే పాత కార్లకు అది పనికొచ్చే గుణమే.

260 డిగ్రీలే కావాలంటే డాట్ 5.1 ఉంది. పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాల్ రకమే, డాట్ 4తో కలుస్తుంది. దాన్నీ రెండేళ్లకోసారి మార్చాల్సిందే. కొనేటప్పుడు సీసా మీద ఆ ".1" ఉందో లేదో చూసుకోండి.