డీజిల్ పన్నులో రాష్ట్రాలకు పంచేది లీటరుకు 74 పైసలే

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. కోల్‌కతా వైపు పోయే లారీలు మన వైపు బంకుల్లో ఆగకుండా, సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకుంటాయన్నది శ్రీకాకుళం జిల్లాలో అందరికీ తెలిసిన సంగతే. 2025లో పెట్రోలుకు లీటరు మీద ఏడెనిమిది రూపాయలు, డీజిలుకు ఐదు రూపాయల దాకా తేడా ఉండేది. ఒడిశా డీజిలు మీద 24 శాతం వ్యాట్ వేస్తుంది. మన రాష్ట్రం 22.25 శాతం వ్యాట్ వేసి, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, మరో రూపాయి రోడ్డు సెస్సు వసూలు చేస్తుంది. అందుకే బంకు దగ్గర మాట వస్తే జనం ముందు రాష్ట్ర ప్రభుత్వాన్నే తిడతారు. ఆ తిట్టులో న్యాయం ఉంది.

కానీ అదే లీటరులో కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం కూడా ఉంది. అది సరిహద్దుకు రెండు వైపులా ఒకటే కాబట్టి ఎవరి కంటా పడదు. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య డబ్బు పంపకంలో అసలు చిక్కు ఎక్కడుందో చూడాలంటే ఈ సుంకాన్నే విప్పి చూడాలి.

2025 ఏప్రిల్‌లో 2 రూపాయలు పెంచిన తర్వాత లీటరు డీజిలు మీద కేంద్ర ఎక్సైజ్ 17 రూపాయల 80 పైసలు అయింది. ఇది ఒక్క పన్ను కాదు, నాలుగు పన్నుల మొత్తం. మూల ఎక్సైజ్ సుంకం 1 రూపాయి 80 పైసలు. ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకం 10 రూపాయలు. వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 4 రూపాయలు. రోడ్డు, మౌలిక వసతుల సెస్సు 2 రూపాయలు. బంకులో మనం కట్టేటప్పుడు ఈ నాలుగూ కలిసిపోయే ఉంటాయి. ఢిల్లీలో ఖాతా రాసేటప్పుడు మాత్రం వీటి దారులు వేరు.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. వార్తల్లో, అసెంబ్లీ ప్రసంగాల్లో మనం వినే అంకె ఇదే. అయితే ఆ 41 శాతం మొత్తం పన్నుల మీద లెక్కగట్టేది కాదు. రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పన్నులతో ఒక నిధిని లెక్కగడతారు, వాటా వచ్చేది దాని మీదే. సెస్సులు, సర్‌చార్జీలు ఆ నిధిలోకి రావు. ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకం పేరులో సర్‌చార్జీ అనే మాట లేకపోయినా చట్టం దాన్ని సర్‌చార్జీగానే చూస్తుంది. అంటే 17 రూపాయల 80 పైసల్లో పంపకానికి వచ్చేది మూల సుంకం 1 రూపాయి 80 పైసలు మాత్రమే. అందులో 41 శాతం 74 పైసలు. దేశంలో ఎక్కడ లీటరు డీజిలు అమ్మినా అన్ని రాష్ట్రాలూ కలిసి పంచుకునేది ఈ 74 పైసలనే. ఇందులో 2026 మార్చి దాకా గడువున్న 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే మూడు పైసలు. పేరుకు 41 శాతం అంటున్నా, డీజిలు ఎక్సైజ్ మొత్తం మీద చూస్తే రాష్ట్రాలన్నిటికీ పంచేది నాలుగు శాతం పైచిలుకే. పెట్రోలు సంగతీ ఇంతే. 2025 ఏప్రిల్ పెంపు తర్వాతి 21 రూపాయల 90 పైసల సుంకంలో మూల సుంకం 1 రూపాయి 40 పైసలు, దాని మీద రాష్ట్రాల వాటా 57 పైసలు.

ఇది ఎలా జరిగిందో ఒక్క రోజు మార్పులో స్పష్టంగా కనిపిస్తుంది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సును కొత్తగా తెచ్చి డీజిలు మీద 4 రూపాయలు వేసింది. వినియోగదారుడి మీద భారం పడదని అప్పుడు ప్రకటించారు. అది నిజమే. ఎందుకంటే అదే రోజు మూల సుంకాన్ని 4 రూపాయల 83 పైసల నుంచి 1 రూపాయి 80 పైసలకు, ప్రత్యేక అదనపు సుంకాన్ని 9 రూపాయల నుంచి 8 రూపాయలకు తగ్గించారు. మొత్తం ఎక్సైజ్ అంతకు ముందు 31 రూపాయల 83 పైసలు, ఆ తర్వాత 31 రూపాయల 80 పైసలు. బంకు దగ్గర మూడు పైసల తేడా. రాష్ట్రాల వాటా మాత్రం లీటరుకు 1 రూపాయి 98 పైసల నుంచి 74 పైసలకు పడిపోయింది. ధర పెరగలేదు కాబట్టి జనానికి తెలియలేదు. పన్ను వసూలు తగ్గలేదు కాబట్టి ఢిల్లీకి నష్టం లేదు. లీటరుకు రూపాయి పావలా నష్టపోయినవి రాష్ట్రాలు, అది కూడా కరోనాతో వాటి ఆదాయం దెబ్బతిన్న ఏడాదిలో.

ఒక మాట కేంద్రం వైపు నుంచీ చెప్పాలి. 2021 నవంబరులో, 2022 మే నెలలో డీజిలు మీద ఎక్సైజ్ మొత్తం 16 రూపాయలు తగ్గించినప్పుడు ఆ కోత రోడ్డు సెస్సులోనే పెట్టారు. అది రాష్ట్రాలతో పంచుకోని భాగం కాబట్టి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాకు ఆ తగ్గింపు వల్ల నష్టం కలగలేదు. అయితే అంతకు ముందు 2020లో పెంచినప్పుడు కూడా పెంచింది ఆ పంచుకోని భాగాలనే. పెరిగినా తగ్గినా ఆట అంతా సెస్సు, సర్‌చార్జీల్లోనే సాగింది. మూల సుంకం మాత్రం 2021లో ఎక్కడికి దిగిందో 2025లోనూ అక్కడే ఉంది.

రాజ్యాంగం దీన్ని ఎందుకు ఒప్పుకుంటోంది? 2000 సంవత్సరానికి ముందు ఆదాయపు పన్ను, కేంద్ర ఎక్సైజ్ మాత్రమే రాష్ట్రాలతో పంచుకునేవారు. కంపెనీల పన్ను, కస్టమ్స్ సుంకం పూర్తిగా కేంద్రానివే. 80వ రాజ్యాంగ సవరణతో దాదాపు అన్ని కేంద్ర పన్నులనూ ఒకే నిధిలోకి తెచ్చారు. రాష్ట్రాలకు అది మంచి మార్పు. అయితే అదే సవరణ సెస్సులను, సర్‌చార్జీలను ఆ నిధి నుంచి స్పష్టంగా మినహాయించింది. ఫలానా అవసరానికి, ఫలానా సమయానికి వేసేవన్న ఆలోచన దాని వెనక ఉంది. కానీ ఆ సెస్సులకు, సర్‌చార్జీలకు శాతంలో పరిమితి గానీ, ఏళ్లలో గడువు గానీ పెట్టలేదు. ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను పెంచిన కొద్దీ, పంచే నిధి బయట వసూలు చేసుకోవాలన్న మొగ్గు కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా పెరుగుతుంది. కేంద్రం స్థూల పన్ను ఆదాయంలో సెస్సులు, సర్‌చార్జీల వంతు 2011-12లో సుమారు పది శాతం ఉంటే 2020-21 నాటికి సుమారు ఇరవై శాతానికి చేరింది. ఆ తర్వాత ఈ వంతు కొంత తగ్గింది.

ఆ డబ్బు చివరికి రాష్ట్రాల్లోనే ఖర్చవుతుంది కదా అన్నది కేంద్రం జవాబు. కొంత నిజం. రోడ్డు సెస్సు నిధిలో కొంత భాగం రాష్ట్ర రోడ్లకు వస్తుంది. కేంద్ర పథకాల రూపంలోనూ డబ్బు వస్తుంది. కానీ పన్ను వాటాగా వచ్చే డబ్బుకు, పథకంగా వచ్చే డబ్బుకు చాలా తేడా ఉంది. పథకం దేనికో ఢిల్లీ నిర్ణయిస్తుంది. చాలా పథకాల్లో వందకు అరవై కేంద్రం ఇస్తే నలభై రాష్ట్రం కలపాలి. ఆ నలభై లేకపోతే అరవై కూడా ఆగిపోతుంది. ఉద్దానం కిడ్నీ బాధితుల ఊళ్లకు హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకానికి రాష్ట్రం సుమారు 700 కోట్ల రూపాయలు పెట్టింది. దేశం మొత్తానికి ఒకే నమూనాలో గీసే పథకంలో ఉద్దానం లాంటి సమస్యకు చోటు దొరకడం కష్టం. ఇలాంటి పనికి కావలసింది షరతులు లేని డబ్బు.

పేరు పెట్టి వసూలు చేసిన సెస్సు ఆ పేరుకు తగ్గట్టు ఖర్చవుతోందా అన్నది ఇంకో ప్రశ్న. 2018-19 లెక్కలు చూసిన కాగ్, ఆ ఏడాది 35 సెస్సులు, లెవీల ద్వారా సుమారు 2.74 లక్షల కోట్లు వసూలైతే ప్రత్యేక నిధుల్లోకి చేరింది సుమారు 1.64 లక్షల కోట్లేనని తేల్చింది. మిగిలింది కేంద్రం సాధారణ ఖాతాలోనే ఉండిపోయింది. ముడి చమురు మీద సెస్సు వసూలు చేసి, 2010 నుంచి పదేళ్ల పాటు చమురు పరిశ్రమ అభివృద్ధి బోర్డుకు రూపాయి కూడా బదిలీ చేయలేదని కూడా రాసింది. మరి ఈ డబ్బుకూ మామూలు పన్నుకూ తేడా ఏమిటి? రాష్ట్రాలకు వాటా లేకపోవడం ఒక్కటే కనిపిస్తోంది.

మన తీరంలో ఈ లెక్క ఇంకా బాధగా ఉంటుంది. భావనపాడు, కళింగపట్నం నుంచి విజయనగరం జిల్లా ముక్కాం, చింతపల్లి దాకా వేటకు వెళ్లే మరబోట్లకు డీజిలే పెద్ద ఖర్చు. బోటు వాళ్లకు రాష్ట్రం డీజిలు సబ్సిడీ ఇస్తుంది. దాన్ని 2019లో లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచింది. తను వేసిన పన్నులో కొంత తిరిగి ఇవ్వడమే కదా అనొచ్చు, అది సబబే. కానీ అదే బోటు కొన్న అదే లీటరు మీద రైతుల పేరుతో 4 రూపాయలు, రోడ్ల పేరుతో 2 రూపాయలు కేంద్రం తీసుకుంటోంది. సముద్రంలో తిరిగే బోటుకు రోడ్డు సెస్సు. ఆ పడవ మీద వచ్చిన కేంద్ర సుంకంలో మూడు పైసలు అందుకునే రాష్ట్రం తొమ్మిది రూపాయలు ఇవ్వాల్సి వస్తోంది.

చాలా రాష్ట్రాలు 16వ ఆర్థిక సంఘాన్ని 50 శాతం వాటా అడిగాయి. సంఘం 41 దగ్గరే ఆగింది. నన్నడిగితే ఆ కోరికే సగం గురి తప్పింది. వాటా 50 చేసినా, 1 రూపాయి 80 పైసల మీద సగం అంటే 90 పైసలు. అదనంగా వచ్చేది పదహారు పైసలు. అదే 2025 నాటి ప్రత్యేక అదనపు సుంకం 10 రూపాయలను మూల సుంకంలో కలిపితే, 41 శాతం దగ్గరే రాష్ట్రాలకు మరో 4 రూపాయల 10 పైసలు వస్తుంది. సెస్సులు, సర్‌చార్జీలు మొత్తం పన్ను ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని ఒక హద్దు, ప్రతి సెస్సుకూ ముగింపు తేదీ ఉండాలి. కేంద్ర రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లోనే వీటిని సమీక్షించి తగ్గించాలని చెప్పింది. శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలు ఏ పార్టీ వారైనా ఇంధన ధరల మీద మాట్లాడేటప్పుడు అడగాల్సింది ఇదే: మూల సుంకం 2021 జనవరి స్థాయికి ఎప్పుడు వెళ్తుంది?

ఇదే ప్రశ్న అమరావతికీ వర్తిస్తుంది. మన రాష్ట్రం 2020లో వేసిన రూపాయి రోడ్డు సెస్సు రోడ్ల అభివృద్ధి సంస్థకు వెళ్తుంది. ఆ వసూళ్లను చూపించి ఆ సంస్థ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. అంటే రేపటి సెస్సును ఈ రోజే ఖర్చు పెట్టేశారు, కాబట్టి అప్పు తీరే దాకా దాన్ని తీసేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. ఏ జిల్లాలో ఎంత వసూలైంది, ఆ డబ్బుతో ఏ రోడ్డు పడింది అన్న లెక్కను మన ఎమ్మెల్యేలు అసెంబ్లీలో అడిగి, జిల్లాల వారీగా బయట పెట్టించాలి. ఇచ్ఛాపురం బంకుల్లో అమ్మకం తగ్గితే పోయేది ఆ రూపాయి ఒక్కటే కాదు, దాంతో పాటు 22.25 శాతం వ్యాటూ, 4 రూపాయల అదనపు పన్నూ ఒడిశా పాలవుతాయి.