చీటీల గిన్నెకు సాక్ష్యం చెప్పడం రాదు

పరిశోధన పద్ధతుల పాఠ్యపుస్తకాల్లో, అందరిలోంచి కొందరినే శాంపిల్‌గా ఎంచడానికి చీటీలు తీసే లాటరీ పద్ధతి, ఏ క్రమమూ లేని అంకెల పట్టిక చూసి నంబర్లు తీసుకునే యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక పద్ధతి పక్కపక్కనే కూర్చుంటాయి. రెండూ ఒకే రకం శాంపిల్ ఇస్తాయని, వీలును బట్టి ఏదైనా వాడుకోవచ్చని చెప్పి పుస్తకం ముందుకు వెళ్లిపోతుంది. కాగితం మీది గణితం వరకు అది నిజమే. తరగతి రిజిస్టరు ముందు పెట్టుకుని పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు మాత్రం ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు. పట్టిక చేతిలో ఉండగా చీటీలు చించడానికి సరైన కారణం నాకు కనిపించదు.

ఒక లెక్క అనుకుందాం. రిజిస్టరులో 60 మంది, మనకు కావలసింది 12 మంది. ఒక్కొక్కరికీ ఎంపికయ్యే అవకాశం 5లో 1 ఉండాలి. తీసిన చీటీని తిరిగి వేయకపోతే తర్వాతి వాళ్ల అవకాశం పెరిగిపోతుందని చాలామంది పొరబడతారు. రెండో చీటీలో ఫలానా విద్యార్థి రావాలంటే ముందు మొదటి చీటీలో రాకుండా ఉండాలి, అది 60లో 59. ఆ తర్వాత మిగిలిన 59లో ఒకటిగా రావాలి. రెండూ గుణిస్తే మళ్లీ 60లో 1. కాబట్టి గొడవ చీటీ తిరిగి వేయడం, వేయకపోవడం దగ్గర లేదు.

గొడవంతా కలపడం దగ్గర ఉంది. లాటరీలో యాదృచ్ఛికత చేతిలోంచి రాదు, కళ్లకు కట్టిన గుడ్డలోంచి రాదు. గిన్నెలో చీటీలు ఎంత కలిశాయన్నదే మొత్తం పద్ధతికి ఆధారం. మనుషులు చీటీలు రాసేది ఒకటి నుంచి 60 వరకు వరుసగానే, గిన్నెలో వేసేదీ అదే వరుసలో. మడత కాగితాలు గోళీల్లా దొర్లవు, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పొరలుగా కూర్చుంటాయి. లోతైన గిన్నెను నాలుగుసార్లు ఊపితే అడుగు పొర అడుగునే ఉంటుంది, పైనున్నవి పైనే కాస్త అటూ ఇటూ జరుగుతాయి. తీసే చెయ్యి పైపొరలోంచే తీస్తుంది. పైపొరలో ఉన్నది చివరగా వేసిన చీటీలు, అంటే రిజిస్టరు చివరి పేర్లు. ఆ చివరి పేర్లు ఎవరివి? మధ్యలో చేరిన పిల్లలవి కావచ్చు. అబ్బాయిల తర్వాత అమ్మాయిల పేర్లు రాసే రిజిస్టరైతే అమ్మాయిలవి కావచ్చు. వరుసకు ఒక అర్థం ఉన్నప్పుడు, సరిగా కలవని గిన్నె ఆ అర్థాన్నే శాంపిల్‌లోకి మోసుకొస్తుంది.

ఇది ఊహ కాదు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా 1969 డిసెంబరు 1న సైన్యంలోకి యువకులను పిలిచే వరుసను లాటరీతో తేల్చింది. ఏడాదిలోని 366 తేదీలను ఒక్కో క్యాప్సూల్‌లో పెట్టి, నెలల వారీగా పెట్టెలో చేర్చి, కలిపి, గాజు పాత్రలో పోసి తీశారు. ముందు వచ్చిన తేదీల్లో పుట్టినవాళ్లు ముందు వెళ్లాలి. డిసెంబరులోని 31 తేదీల్లో 26 మొదటి సగంలోనే, అంటే 183వ స్థానంలోపే పడ్డాయి. జనవరిలోని 31లో 19 రెండో సగంలోకి పోయాయి. చివరగా చేరిన నెలలు పైన ఉండిపోయాయని, క్యాప్సూళ్లు చాలినంతగా కలవలేదని గణాంకవేత్తలు తేల్చారు. దేశమంతా చూస్తుండగా తీసిన లాటరీ గతే అలా ఉంటే, పీరియడు మధ్యలో హడావుడిగా ఊపిన డబ్బా మీద మనకు ఎందుకంత నమ్మకం? మరుసటి ఏడాది లాటరీకి తేదీలు ఒక డ్రమ్ములో, స్థానాల సంఖ్యలు మరో డ్రమ్ములో వేశారు. వాటిలో వేసే వరుసను కూడా ముందే యాదృచ్ఛికంగా సిద్ధం చేయించారు. అంటే లాటరీని బాగుచేయడానికి చివరికి యాదృచ్ఛిక సంఖ్యల సాయమే కావలసి వచ్చింది.

ఆ మాటకొస్తే యంత్రానికి కూడా కలపడం తేలిక కాదు. అమెరికాలోని పరిశోధన సంస్థ ర్యాండ్ 1955లో పది లక్షల అంకెల పట్టికను ప్రచురించింది. వాటిని పుట్టించిన ఎలక్ట్రానిక్ చక్రం మొదట్లో పక్షపాతం చూపిస్తే సర్క్యూట్లు సరిచేశారు. ఆ తర్వాత కూడా పరీక్షల్లో లోపాలు తేలితే, అంకెలు నమోదు చేసిన ఒక కార్డు మీది అంకెలకు అంతకుముందు కార్డు అంకెలను కలిపి, పదుల స్థానం వదిలేసి, మొత్తం పట్టికను మళ్లీ తయారు చేశారు. పట్టిక వాడేవాళ్లకు అందేది ఈ శ్రమ ఫలితం. కలపడం అనే కష్టమైన పనిని ఒకరు చేసి, పరీక్షించి, అచ్చువేసి ఇచ్చారు. మనం చేయాల్సింది చదవడమే.

ఎలా చదవాలో చూద్దాం. ఆ పట్టిక మొదటి వరుస ఇది:

```
10097 32533 76520 13586 34673 54876 80959 09117 39292 74945
```

అయిదేసి అంకెల ఎడం కంటికి తేలిక కోసమే, దానికి ఇంకే అర్థమూ లేదు. మన తరగతిలో 60 మంది కాబట్టి రెండేసి అంకెలు చాలు. 01 నుంచి 60 వరకు వచ్చినవి తీసుకోవాలి, 61 నుంచి 99 వరకు వచ్చినవీ 00 వదిలేయాలి, వచ్చిందే మళ్లీ వస్తే దాటిపోవాలి. 10, 09 తీసుకున్నాం. 73 వదిలేశాం. 25, 33 వచ్చాయి, 76 పోయింది, 52, 01, 35 వచ్చాయి, 86 పోయింది. 34 తీసుకుని 67 వదిలేశాం. మళ్లీ 35 వచ్చింది, దాటిపోయాం. 48 తర్వాత 76, 80, 95, 90, 91 వరుసగా పనికిరాలేదు. ఆపైన 17, 39, 29 రావడంతో 12 మంది పూర్తయ్యారు. మొత్తం 22 జతలు చదివితే 10 వృథా. (ఉదాహరణ కోసం మొదటి వరుస తీసుకున్నాను. నిజమైన పనిలో అందరూ పుస్తకం మొదటి మూల నుంచే మొదలుపెడితే అందరికీ ఇవే నంబర్లు వస్తాయి. పేజీని, వరుసను చూడకుండా ఎంచుకోవాలి, ఎంచుకున్నది ముందే రాసిపెట్టాలి.)

ఇన్ని అంకెలు వృథా పోవడం చూసి కొందరు తెలివి ప్రదర్శిస్తారు. 73 వస్తే 60 తీసేసి 13 అనుకుందాం, వదిలేయడం దేనికి అంటారు. ఇలా చేస్తే 61 నుంచి 99 వరకు ఉన్నవి 1 నుంచి 39గా మారతాయి, 00ను వందగా లెక్కిస్తే 40 అవుతుంది. ఫలితంగా మొదటి 40 మందికి రెండేసి దారులు, చివరి 20 మందికి ఒక్కటే దారి. తొలి ఎంపికలోనే మొదటి 40 మందిలో ఒకరు వచ్చే అవకాశం 3లో 2 కావాల్సింది 5లో 4 అవుతుంది. పై వరుసకే ఈ తెలివి వాడితే 12 జతల్లో పని ముగుస్తుంది, 40 దాటిన నంబరు 52 ఒక్కటే ఉంటుంది. తీసివేత పద్ధతి వాడాలనే ఉంటే మూడేసి అంకెలు చదవాలి. 960 అంటే పదహారు అరవైలు. 001 నుంచి 960 వరకు 60తో భాగించి శేషం తీసుకుంటే, శేషం సున్నా వస్తే 60 అనుకుంటే, అందరికీ పదహారేసి దారులు ఉంటాయి. వెయ్యిలో 40 మాత్రమే వృథా.

ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతుంది. 35వ నంబరు విద్యార్థి టీసీ తీసుకుని వెళ్లిపోయాడు, రిజిస్టరులో పేరు కొట్టేసి ఉంది. పట్టికలో 35 వస్తే పక్కనున్న 36ను తీసుకుంటారు. దాంతో 36కు రెట్టింపు అవకాశం దక్కుతుంది. ఖాళీ నంబరు వస్తే అది 73 వచ్చినట్టే, వదిలేసి ముందుకు పోవాలి. ఎంపికైన విద్యార్థి ఆ రోజు బడికి రాకపోతే పక్క బెంచీ వాడిని కూర్చోబెట్టడం కూడా ఇలాంటిదే.

పట్టికలోనూ ఇన్ని తప్పులు జరుగుతాయి కదా అని అడగొచ్చు. జరుగుతాయి. కానీ ఈ తప్పులన్నీ కాగితం మీద దొరుకుతాయి. ఏ వరుస నుంచి మొదలుపెట్టారో తెలిస్తే, 73 దగ్గర 13 తీసుకున్నారని ఎవరైనా ఆరు నెలల తర్వాత కూడా పట్టుకోగలరు. గిన్నె సరిగా కలవలేదని ఆరు నిమిషాల తర్వాత కూడా ఎవరూ నిరూపించలేరు. చీటీలు తీశాక మిగిలినవి 48 ఉన్నాయా అని లెక్కపెట్టేవాళ్లే అరుదు. 47 తేలితే ఒక పేరు గిన్నెలోకే రాలేదన్నమాట, లేదా ఒక మడతలో రెండు వచ్చాయన్నమాట. ఆ ఒక్క తనిఖీ దాటితే లాటరీ దగ్గర చూడటానికి ఏమీ మిగలదు.

లాటరీ వైపు వాళ్ల మాట ఒకటుంది. చీటీ తీయడం పిల్లలకు కనిపిస్తుంది, అర్థమవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. పట్టిక చూస్తే సారు ఏదో మాయ చేశారనుకుంటారు. నిజమే, ఖోఖో జట్టులో ముందు ఎవరు కూర్చోవాలో తేల్చడానికి చీటీలు చాలు. కొలత కోసం తీసే శాంపిల్‌కు చూసేవాళ్ల తృప్తి పనికిరాదు.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది, ఇది గిన్నెతో ఆగేది కాదు. పైన సరైన పద్ధతిలో వచ్చిన 12 మందిని మళ్లీ చూడండి. చివరి 20 మందిలో వచ్చింది 52, 48 ఇద్దరే. సగటున నలుగురు రావాలి. ఇద్దరు రావడం దోషం కాదు, యాదృచ్ఛికత అలాగే ఉంటుంది. కానీ చూసే కంటికి అది నచ్చదు. గిన్నె ముందున్న మనిషి "సరిగా కలవలేదేమో" అని ఇంకోసారి ఊపి మళ్లీ తీస్తాడు. ఆ రెండో లాటరీ యాదృచ్ఛికం కాదు, నచ్చేవరకు తీసిన ఎంపిక. మొదటి లాటరీ జరిగినట్టు ఎక్కడా జాడ ఉండదు. పట్టికలో మొదలు ముందే రాసిపెట్టి ఉంటే ఈ పని చేయాలంటే రాతను కొట్టేయాలి, కొట్టివేత కనిపిస్తుంది.

కంప్యూటర్ వచ్చాక ఈ గొడవ పోయిందనుకునేవాళ్లకు ఒక మాట. రిజిస్టరు పేర్ల పక్కన ఎక్సెల్‌లో `=RAND()` పెట్టి, ఆ గడిని బట్టి వరుస మార్చి, పైన వచ్చిన 12 మందిని తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. షీటులో ఏ గడి మార్చినా ఆ సంఖ్యలన్నీ మళ్లీ కొత్తగా పుడతాయి. వరుస మార్చిన మరుక్షణమే, ఏ సంఖ్యల వల్ల ఆ వరుస వచ్చిందో ఆ సంఖ్యలు మాయమవుతాయి. నచ్చకపోతే ఇంకోసారి వరుస మార్చడానికి ఒక్క క్లిక్ చాలు, ముందు వచ్చిన జాబితా ఎక్కడా మిగలదు. ఇది తెర మీద పెట్టిన చీటీల గిన్నె. సంఖ్యలు రాగానే వాటిని కాపీ చేసి, విలువలుగా మాత్రమే పేస్ట్ చేసి, ఆ తర్వాత వరుస మారిస్తే అదే షీటు అచ్చు పట్టికలా పనిచేస్తుంది.

అచ్చు పట్టికతో చేస్తే రిజిస్టరు వెనక పేజీలో రాయాల్సింది రెండు పంక్తులు: ఏ పట్టిక, ఏ పేజీలో ఏ వరుస, ఏ అంకె దగ్గర మొదలు, ఎన్నేసి అంకెలు, ఎటువైపు చదివారు, ఏవి వదిలేశారు. తేదీ వేసి, నంబర్లు చదవకముందే పక్క తరగతి టీచరుతో సంతకం చేయించాలి.