గుజ్జు డ్రమ్ముకు క్యూఆర్ చాలు

జూలై దాటి తోతాపురి మామిడి రాక తగ్గిందంటే చిత్తూరు చుట్టుపక్కల ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల్లో హడావుడి యంత్రాల దగ్గరి నుంచి గోదాముకు మారుతుంది. ఒక మధ్య తరహా గోదామును ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఆరు వేల ఇనుప డ్రమ్ములు ఉన్నాయి. ఒక్కో డ్రమ్ములో సంచిలో నింపిన గుజ్జు సుమారు 215 కిలోలు. ప్యాలెట్‌కు నాలుగు చొప్పున పదిహేను వందల ప్యాలెట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. కొనుగోలుదారుడు వచ్చి ఫలానా రోజు నింపిన, ఫలానా బ్రిక్స్, అంటే చక్కెర పాళ్లు, ఉన్న లాటులో నలభై డ్రమ్ములు కావాలంటాడు. వాటిని వెతకడానికి ఒక పూట పట్టడం ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు. ఈ వెతుకులాటకు మందుగా ఇప్పుడు రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే ట్యాగులను, అంటే ఆర్‌ఎఫ్‌ఐడీని చూపిస్తున్నారు. ఇనుప డ్రమ్ముల గోదాముకు అది తప్పుడు ఎంపిక అనీ, క్యూఆర్ కోడే సరైనదనీ నేను అంటున్నాను.

ఆర్‌ఎఫ్‌ఐడీ అమ్మేవారి వాదనలో బలం లేకపోలేదు. అలిపిరి దగ్గర వాహనం అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ను ఎవరూ చేత్తో తాకకుండానే యంత్రం చదువుతుంది. ఆ సాంకేతికతే గోదాముకూ పనికొస్తుందని వారు చెబుతారు. దుస్తుల దుకాణాల్లో ఒక పెట్టెలోని వంద చొక్కాలను పెట్టె విప్పకుండానే లెక్కపెట్టవచ్చన్నదీ నిజమే. అయితే ఫాస్టాగ్‌ను గాజుకు అంటిస్తారు, రేకుకు కాదు. పైగా ఆ వరుసలో వాహనాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చొక్కా నూలుతో చేసింది. మన డ్రమ్ము ఇనుముతో చేసింది.

చిక్కంతా ఈ ఇనుముతోనే. మన దేశంలో ఇలాంటి ట్యాగులు 865 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి, అంటే తరంగం పొడవు 35 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మామూలు స్టిక్కరు ట్యాగులోని పలుచటి యాంటెన్నాను నేరుగా రేకు మీద అంటిస్తే, రేకులో పుట్టే ఎదురు ప్రవాహం యాంటెన్నాకు అందాల్సిన శక్తిని దాదాపుగా రద్దు చేసేస్తుంది. బ్యాటరీ లేని చిప్పుకు మేలుకునేంత శక్తి కూడా మిగలదు. అందుకే లోహానికీ యాంటెన్నాకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంచే ప్రత్యేక ట్యాగులు వచ్చాయి. అవి పనిచేస్తాయి, కానీ మామూలు ట్యాగు ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. పైగా డ్రమ్ము గుజ్జుతో పాటు ఎగుమతి అయిపోతుంది కాబట్టి ఆ ట్యాగు మనకు తిరిగి రాదు.

ఖర్చు భరించినా ఇంకో సమస్య ఉంది. చిత్తూరు శివారులోని ఒక గోదాములో ఈ ట్యాగులను చదివే రీడరు బిగించిన గేటును పరీక్షించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ నాలుగు డ్రమ్ముల ప్యాలెట్‌ను గేటులోంచి దాటించింది. తెర మీద మూడే కనిపించాయి. నాలుగో డ్రమ్ము ట్యాగు లోపలి వైపుకు తిరిగి, మిగతా మూడు డ్రమ్ముల మధ్య చిక్కుకుంది. ట్యాగు బయటికి కనిపించేలా ఆ డ్రమ్మును తిప్పి మళ్లీ దాటించారు. ఈసారి ఆరు వచ్చాయి, ఎందుకంటే గేటు పక్కన లారీ కోసం ఆపిన మరో ప్యాలెట్‌లోని రెండు డ్రమ్ములనూ రీడరు చదివేసింది. తక్కువ వస్తే మనిషి అనుమానిస్తాడు. రెండు డ్రమ్ములు గోదాములో ఉండగానే లెక్కలో బయటికి వెళ్లిపోతే, ఆ సంగతి సరుకు వెతికే రోజు దాకా బయటపడదు. రీడరు శక్తి తగ్గించి, రేకు అడ్డాలు పెట్టి దీన్ని చక్కదిద్దవచ్చు. కానీ పేర్చే పద్ధతి మారిన ప్రతిసారీ ఆ సర్దుబాటు మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక బార్‌కోడు. దాన్ని నేను తీసిపారేయను. డ్రమ్ముకు ఒక వరుస సంఖ్య మాత్రమే కావాలంటే అది చాలు. అయితే లేబులు ఒక అంచున నిలువుగా చిరిగితే చివరి గీతలు పోయి మొత్తం కోడు చదవరాదు. ప్యాలెట్లు ఒరుసుకునే చోట లేబుళ్లు చిరిగేది సరిగ్గా ఆ అంచుల్లోనే. క్యూఆర్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థ కారు విడిభాగాల లెక్క కోసమే తయారుచేసింది; అందులో దిద్దుబాటు సమాచారం ముందే కలిపి ఉంటుంది. అత్యధిక స్థాయి ఎంచుకుంటే సుమారు 30 శాతం పాడైనా చదవవచ్చు. దీనికీ హద్దుంది: మూడు మూలల్లోని పెద్ద చదరాల్లో ఒకటి పోతే మిగతాదంతా శుభ్రంగా ఉన్నా కెమెరా దాన్ని గుర్తించడం కష్టం. అయినా ఏ కోణం నుంచైనా చదవగలగడం, సూపర్‌వైజరు జేబులోని ఫోను కెమెరా కూడా దాన్ని సులువుగా చదవడం అనే రెండు సౌకర్యాలు బార్‌కోడును దాటిపోతాయి.

అయితే కోడు ఎంపికను మించి ముద్రణలోనే పని చెడుతుంది. ఖర్చు తగ్గుతుందని రిబ్బను లేని థర్మల్ ప్రింటరుతో లేబుళ్లు తీస్తారు. ఆ కాగితం వేడికి నల్లబడే రకం; రేకుల కప్పు కింద రెండు వేసవులు గడిచేసరికి దాని మీద ముద్ర వెలిసిపోవడమో, కాగితమంతా మసకబారడమో జరుగుతుంది. గుజ్జు ఏడాది పైబడి నిల్వ ఉండే సరుకు, బస్సు టికెట్టు కాదు. రెసిన్ రిబ్బనుతో ప్లాస్టిక్ లేబులు మీద ముద్రించాలి. దూరం నుంచి చదవడానికి పదింట ఒకటి అన్నది మోటు లెక్క: ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు మీటరు దూరం నుంచి చదవాలంటే కోడు పది సెంటీమీటర్లు ఉండాలి. ఒకే సంఖ్యతో రెండు లేబుళ్లు డ్రమ్ముకు ఎదురెదురు వైపుల అంటిస్తే ఏదో ఒకటి బయటికి కనిపించే అవకాశం పెరుగుతుంది. మూత మీద అంటిస్తే పై ప్యాలెట్ దాన్ని కప్పేస్తుంది.

కోడులో బ్రిక్స్, ఆమ్లత్వం వంటివన్నీ కుక్కకూడదు. `TP25-0614-2-0372` వంటి ఒక సంఖ్య చాలు: తోతాపురి, 2025 సీజన్, జూన్ 14, రెండో లైను, 372వ డ్రమ్ము. కెమెరా పనిచేయని రోజున మనిషి చదవడానికి అదే సంఖ్య కోడు కింద పెద్ద అక్షరాల్లో ఉండాలి. మిగతా వివరాలు కంప్యూటరులో ఉంటాయి. డ్రమ్ముకు అంటించినట్టే ప్రతి వరుసకూ ఒక క్యూఆర్ పలక తగిలించాలి, ఎందుకంటే డ్రమ్ము మీది కోడు అదేమిటో చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. వరుసను స్కాన్ చేసి, తరువాత అందులో దింపిన డ్రమ్ములను స్కాన్ చేయడమే పని. లోపలి లాటు తీయడానికి రాత్రిపూట ముందు ప్యాలెట్లను పక్కకు జరిపి స్కాన్ చేయకుండా వదిలేస్తే ఏ కోడూ కాపాడదు. రోజుకు ఒక వరుసను ఎంచుకుని చేత్తో లెక్కపెడితే అలా వదిలేసే అలవాటు వారంలోనే బయటపడుతుంది.

ఇంత పట్టుపట్టడానికి నాకు మరో కారణం ఉంది. 2025 సీజన్‌లో తోతాపురి ధర కూలినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా లెక్క కుదిరింది. పాత గుజ్జు గోదాముల్లో పేరుకుపోయింది కాబట్టి కొత్త కాయకు ధర పెట్టలేమన్నది ఫ్యాక్టరీల మాట. కాయలు కొనే ర్యాంపు బయట ట్రాక్టరుతో పడిగాపులు కాసిన రైతుకు ఆ మాట నిజమో కాదో తేల్చుకునే దారి లేదు. నింపిన తేదీ సంఖ్యలోనే ఉన్న డ్రమ్ముల లెక్క ఉంటే, గత సీజన్ గుజ్జు ఎంత మిగిలిందో ఫ్యాక్టరీ ఒక్క పూటలో చూపగలదు. అధికారులు ఏదైనా వరుస దగ్గర నిలబడి ఇరవై డ్రమ్ములను ఫోనుతో సరిచూడగలరు. నిజంగా నిల్వ ఉన్న యజమానికే ఇందులో ఎక్కువ లాభం, ఎందుకంటే ఇప్పుడు అతని మాటనూ ఎవరూ నమ్మడం లేదు.

పాత డ్రమ్ములన్నిటికీ ఒకేసారి లేబుళ్లు అంటించాలని గోదామును వారం రోజులు ఆపనక్కర్లేదు. కొత్త సీజన్ తొలి డ్రమ్ము నుంచి ఫిల్లింగ్ లైను దగ్గరే అంటించడం మొదలుపెట్టి, పాతవాటికి ఫోర్క్‌లిఫ్ట్ కదిపినప్పుడల్లా ఒకటొకటిగా అంటిస్తూ పోవచ్చు. నాలుగు నెలలు గడిచినా లేబులు పడని డ్రమ్ములు ఏ మూలనైనా మిగిలాయంటే, అన్నాళ్లూ వాటిని ఎవరూ కదపలేదన్నమాట. ముందుగా తెరిచి నాణ్యత చూడాల్సినవీ, కొనుగోలుదారుకు ముందుగా చూపాల్సినవీ అవే.