అంకె మారిందా? ఎవరికీ చెప్పకండి

పొద్దున్నే 6 గంటలకు తనంతట తానే వెళ్ళిపోయే రిపోర్టులో అంకె తర్వాత మారితే ఏం చెయ్యాలని కొందరు అమాయకులు అడుగుతుంటారు. ఏమీ చెయ్యకండి. డాష్‌బోర్డులో కొత్త అంకె వచ్చేస్తుంది, మెయిల్లో పాతది అలాగే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసే తీరిక ఎవరికుంది? (ఫైనాన్సులో ఒకావిడకి ఉంటుంది. ఆవిడ ఎదురైతే మెట్లెక్కి వెళ్ళిపోండి.)

మా సంగతే చూడండి. సోమవారం మెయిల్లో ఆదివారం ఆర్డర్లు 9,400 అని వెళ్ళింది, పక్కనే ఎర్రటి అక్షరాల్లో 'గత ఆదివారం కంటే 6 శాతం తక్కువ' అని. అప్పుడు 10,000 మరి. మధ్యాహ్నానికి మీటింగు, సాయంత్రానికి డిస్కౌంటు. బుధవారం రాత్రికి నెట్ లేని ఫోన్లలో ఇరుక్కున్న ఆర్డర్లూ, ఆలస్యంగా దిగిన పార్ట్‌నర్ ఫైలూ చేరి అదే ఆదివారం 9,980 అయి కూర్చుంది.

అంటే మేం ఒక్క రోజు వయసున్న అంకెని ఎనిమిది రోజుల అంకె పక్కన నిలబెట్టి, ఎదగలేదని తిట్టాం. గత ఆదివారానికి కూడా మొదటి మెయిల్లో ఎంత వెళ్ళిందో చూసి ఉంటే సరిపోయేది. కానీ టేబుల్లో పాత అంకె మీద కొత్తది రాసుకుంటూ పోయే పద్ధతి మాది, పంపిన అంకెని పంపినట్టు విడిగా దాచుకోవడం మా వంశంలో లేదు. చివరికి ఎవరి ఇన్‌బాక్సులోనో దొరికింది: 9,420. దాంతో పోలిస్తే తగ్గింది 20 ఆర్డర్లు.

ఇలాంటప్పుడు 'డేటాలో స్వల్ప సవరణలు జరిగాయి, గమనించగలరు' అని ఒక లైను పడేస్తే చాలు. ఏ అంకె, ఎంత, ఎందుకు అన్నవి ఉండవు కాబట్టి ఎవరూ ఏమీ గమనించలేరు. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి ఈ మర్యాద తెలీదు. సోమవారం మెయిల్ ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ, అదే మెయిల్‌కి జవాబుగా, ఇలా రాసిపడేశాడు: "ఆదివారం ఆర్డర్లు 9,400 అని పంపాం, ఇప్పుడు 9,980. పెరిగిన 580 ఆలస్యంగా చేరినవి, లెక్కలో తప్పు లేదు. బుధవారం రాత్రి 9 వరకు వచ్చిన డేటా ఇది. 6 శాతం తగ్గుదల నిజం కాదు, దాన్నిబట్టి తీసుకున్న నిర్ణయం ఉంటే మళ్ళీ చూసుకోండి."

చివరి వాక్యం చూశారా, ఎంత పొగరు! పైగా ఇకమీదట మూడు రోజులు దాటని అంకెల పక్కన 'ప్రాథమికం' అని వెయ్యాలట, తేడా 1 శాతం దాటితేనో, తగ్గిందన్నది పెరిగిందిగా మారితేనో మాత్రమే ఇలాంటి మెయిల్ పంపాలట, రోజూ పంపితే ఎవరూ చదవరట.

ఆ మెయిల్ వెళ్ళేసరికి డిస్కౌంటు మొదలై రెండు రోజులు. గురువారం పొద్దున 6 గంటలకు రిపోర్టు మామూలుగానే వెళ్ళింది, బుధవారం ఆర్డర్లు 5 శాతం తక్కువని, ఎర్రగా. డిస్కౌంటు ఎందుకు పని చెయ్యలేదో తేల్చడానికి 11 గంటలకు మీటింగు పెట్టారు.