17 ల్యాండ్లు దండగేమీ కావు: మ్యాజిక్ డ్రాఫ్ట్ డెక్ లెక్క

“మ్యాజిక్ డ్రాఫ్ట్‌లో 40 కార్డులకు 17 ల్యాండ్లు దండగ, 14 చాలు. ఖాళీ అయిన చోట బలమైన పెద్ద కార్డులు పెట్టుకోండి. రెండు రంగులైతే ల్యాండ్లు చెరి సగం.” కొందరు ఇచ్చే ఈ సలహాలు నేను ఒప్పుకోను. మ్యాజిక్ ఒక కార్డుల ఆట; అందులో ప్యాక్‌ల నుంచి కార్డులు ఒక్కొక్కటే ఎంచుకుని డెక్ కట్టుకుని ఆడే పద్ధతి డ్రాఫ్ట్.

మొదట ల్యాండ్ల సంగతి. మిగతా కార్డులు వేయడానికి కావాల్సిన శక్తిని, అంటే మానాను, టర్న్‌కు ఒకటి చొప్పున ఇచ్చే కార్డులివి. 17 ఉన్న డెక్‌లో, మొదటి ఏడు కార్డుల్లో ఒక్క ల్యాండో అసలేమీ లేకుండానో వచ్చే అవకాశం దాదాపు 10.5 శాతం. 14కి దించితే అది 21 శాతం దాకా వెళ్తుంది. అంటే పది గేముల్లో ఒకసారి వచ్చే కష్టం ఐదింటిలో ఒకసారి వస్తుంది. ఇందులో ఒక లాభం ఉన్న మాట నిజమే: ఏడింటిలో ఐదు లేదా అంతకన్నా ఎక్కువ ల్యాండ్లు వచ్చే అవకాశం 10 శాతం నుంచి 4కి తగ్గుతుంది. కానీ ఆరు శాతం మిగుల్చుకోవడానికి పది శాతం పోగొట్టుకుంటున్నాం. పైగా ల్యాండ్లు ఎక్కువైన చేతితో ఏదో ఒక కార్డు వేయగలం, ల్యాండ్లు లేని చేతితో ఏమీ చేయలేం.

పెద్ద కార్డులు పెట్టుకోమన్న రెండో సలహా మొదటిదాన్నే దెబ్బ తీస్తుంది. మీరే ముందు ఆడుతున్నారనుకోండి. ఆరో ల్యాండ్ సగటున 17 ల్యాండ్లతో ఎనిమిదో టర్న్‌కు, 14తో పదకొండో టర్న్‌కు చేతికొస్తుంది. చాలా డ్రాఫ్ట్ గేములు అంతదాకా సాగవు. వేయడానికి ఆరు మానా కావాల్సిన కార్డు చేతిలోనే ఉండగా ఓడిపోతాం.

నేను నమ్మే అమరిక ఇది. మిగిలిన 23 కార్డుల్లో ఒక మానావి 2, రెండువి 6, మూడువి 6, నాలుగువి 4, ఐదువి 3, ఆరువి 2. వీటిలో పదహారు దాకా, దాడి చేసే కార్డులైన క్రీచర్లు ఉండాలి. రెండు, మూడు మానా కార్డులే ఎక్కువ ఎందుకంటే, రెండో టర్న్, మూడో టర్న్ ఖాళీగా పోతే ఎదుటివాడి క్రీచర్లు అప్పుడే కొట్టడం మొదలుపెడతాయి. ఐదు, ఆరు మానావి కలిపి రెండే ఉండి, రెండు మానావి ఎనిమిది దాకా ఉంటే 16 ల్యాండ్లకు దిగొచ్చు. 14 మాత్రం వద్దు.

ఇక రంగులు. చెరి సగం అన్నది గుడ్డి లెక్క. ఏ రంగు మానా కావాలో చెప్పే గుర్తులు కార్డుల మీద ఉంటాయి, వాటిని లెక్కపెట్టండి. ఉదాహరణకు గ్రీన్ గుర్తులు 18, రెడ్ గుర్తులు 12 వచ్చాయనుకుందాం. 17 ల్యాండ్లను అదే నిష్పత్తిలో పంచితే గ్రీన్ మానా ఇచ్చే ఫారెస్ట్‌లు 10, రెడ్ మానా ఇచ్చే మౌంటెన్‌లు 7. కానీ ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ముందు ఆడేవాడికి రెండో టర్న్‌కు ఎనిమిది కార్డులు కనిపిస్తాయి. వాటిలో ఒక్క మౌంటెన్ కూడా లేకపోయే అవకాశం 18 శాతం, ఒక్క ఫారెస్ట్ కూడా లేకపోయేది 8 శాతం లోపే. అందుకని రెండు మానా క్రీచర్లను వీలైనంత వరకు గ్రీన్‌లోనే ఎంచుకుని, రెడ్‌లో తర్వాత వేసే కార్డులు తీసుకోండి. రెండు రెడ్ గుర్తులున్న రెండు మానా కార్డు ఎంత మంచిదైనా ఈ డెక్‌లో పెట్టకండి.